పొద్దున 18.4, మధ్యాహ్నం 17.4: రిఫ్రాక్టోమీటర్ లెక్క ఎక్కడ తప్పింది?

సువర్ణముఖి రైతు (సీతానగరం)
చెరకు కోతకొచ్చిందో లేదో చూద్దామని, రసంలో తీపి శాతం చూపే చేతి రిఫ్రాక్టోమీటర్ కొన్నాను. వేడిని బట్టి లెక్కని తానే సరిదిద్దే ఏటీసీ లేనిది. మొన్న మధ్యాహ్నం నీళ్ల చుక్కేసి, స్క్రూ తిప్పి గీతని సున్నాకి తెచ్చాను. రసం 17.4 చూపింది. నీడలో 33 డిగ్రీలు. పెట్టెలోని పట్టిక చూసి 1 కలిపితే 18.4. మర్నాడు పొద్దున్నే, 20 డిగ్రీల చలిలో, అదే దుబ్బులో ఇంకో గడ పిండితే ఏమీ కలపకుండానే 18.4. రెండూ అతికినట్టు సరిపోయాయి. కానీ అప్పుడే వచ్చిన ఫీల్డు కుర్రాడు తన మీటర్‌తో అదే రసాన్ని 17.5 అన్నాడు. ఇదేటి మోసం?

తోటబావ
ఏటీసీ ఉన్నది కొనండి. ఇక ఎంత ఎండైనా దిగుల్లేదు.

పాత ల్యాబ్
పొద్దున స్క్రూ మళ్లీ తిప్పారా?

సువర్ణముఖి రైతు
లేదండి. ఓసారి సెట్ చేశాం కదా అని ముట్టుకోలేదు.

పాత ల్యాబ్
అదీ సంగతి. కుర్రాణ్ణి అనకండి. స్కేలు గీసింది 20 డిగ్రీలకి. 33 దగ్గర నీళ్లూ రసమూ రెండూ ఇంచుమించు 1 తక్కువ చూపిస్తాయి. ఆ వేడిలో నీళ్లతో సున్నా పెట్టినప్పుడే స్క్రూ ఆ 1ని కలిపేసింది. పట్టిక చూసి మీరు రెండోసారి కలిపారు. పొద్దున చల్లబడ్డాక తగ్గింపు పోయింది, స్క్రూలోని 1 మాత్రం అలాగే ఉండిపోయింది. రెండు తప్పులూ ఒకటే సైజు కాబట్టి జోడీ కుదిరింది. మీ మధ్యాహ్నం 17.4 నే నమ్మండి.

పట్టిక వాడాలంటే సున్నా 20 డిగ్రీల దగ్గర పెట్టుండాలి. లేదా చూసే చోటే, చూసే ముందే నీళ్లతో సున్నా పెట్టుకుని పట్టికని మర్చిపోండి. చెరకు రసానికి మిగిలే తేడా 0.1 లోపే.

తోటబావగారూ, ఏటీసీ చాలావాటిలో 10 నుంచి 30 డిగ్రీల దాకే పనిచేస్తుంది. మన ఏప్రిల్ ఎండ దానికి ఎక్కువే.

బెల్లం పెనం (ఆమదాలవలస)
నేను పెనంలో మరిగే పాకం చుక్కేశాను. అద్దమంతా ఆవిరి, గీతే లేదు. మీటర్ పాడైందా?

పాత ల్యాబ్
మీది 32 దాకా ఉన్న మీటరైతే చిక్కటి పాకం స్కేలు దాటిపోతుంది. పైగా అంత వేడికి ఏ పట్టికా లేదు. పచ్చి రసమే చూడండి, మూత వేశాక అర నిమిషం ఆగి. ఆ పల్చటి చుక్క ఈలోగా అద్దం వేడికి వచ్చేస్తుంది.

సువర్ణముఖి రైతు
15 గ్రాముల పంచదార, 85 గ్రాముల నీళ్లలో కరిగించి ఈ పొద్దున చూశాను. స్క్రూ ముట్టుకోకుండా 16. నీళ్లతో సున్నా పెట్టాక సరిగ్గా 15. కుర్రాడికి ఫోన్ చేసి చెప్పాను, నవ్వాడు. కానీ ఒకే గడలో మొదలు 18, కొస 15 వస్తోంది. ఏది రాసుకోవాలి?

తోటబావ
నడిమి కణుపు చాలు.

పాత ల్యాబ్
నేనైతే రెండూ రాస్తాను. కొస ఇంకా అంత వెనకుంటే కోత తొందరే.