టీమ్‌కి రోల్‌బ్యాక్ గురించి కిక్‌ఆఫ్‌లోనే చెప్పాలా?

తిరుపతిలోని మా ఆఫీసు నుంచి ఒక అమెరికా క్లయింట్ బిల్లింగ్ డేటాను కొత్త సిస్టమ్‌కి మార్చబోతున్నాం. సోమవారం కిక్‌ఆఫ్‌లో నేను మాట్లాడాలి. టీమ్‌లో ఎక్కువమంది చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల కాలేజీల నుంచి కొత్తగా చేరిన పిల్లలు.

కటోవర్‌కి ఇచ్చిన సమయం 36 గంటలు. అంటే మనకు శనివారం ఉదయం 5:30 నుంచి ఆదివారం సాయంత్రం 5:30 వరకు. లోడ్‌కి 20 గంటలు, సరిచూడటానికి 6 గంటలు అంచనా. తేడా వస్తే పాత సిస్టమ్‌ని మళ్లీ నిలబెట్టడానికి 8 గంటలు కావాలి. కాబట్టి ఆదివారం ఉదయం 9:30 దాటితే వెనక్కి వెళ్లలేం. చేతిలో మిగిలేది 2 గంటలే.

లోడ్ ఆగిపోతే లాగ్‌లో కనిపిస్తుంది, దానికి భయం లేదు. కానీ 03/04 అంటే వాళ్లకు మార్చి 4. మన స్క్రిప్ట్ దాన్ని ఏప్రిల్ 3గా చదివితే ఎర్రర్ రాదు, రికార్డుల సంఖ్య కూడా సరిపోతుంది. నెలవారీ మొత్తాలు పోలిస్తేనే బయటపడుతుంది. అది చూసిన పిల్లలు "సార్‌కి ఎలా చెప్పాలి" అని టెన్షన్ పడుతూ కూర్చుంటే ఆ 2 గంటలూ పోతాయి.

అందుకే, "అనుమానం వచ్చిన 10 నిమిషాల్లో ఫోన్ చెయ్యండి, నిద్రలో ఉన్నా లేపండి. 9:30 లోపు వెనక్కి వెళ్లడం ఓటమి కాదు, ప్లాన్‌లో భాగమే" అని చెబుదామనుకుంటున్నాను. మొదటిరోజే ఈ మాటంటే డీలా పడతారని మా డెలివరీ హెడ్ అంటున్నారు. నాకైతే చెప్పకపోవడమే ప్రమాదం అనిపిస్తోంది.

ఇలాంటివి నడిపినవాళ్లు ఈ మాట కిక్‌ఆఫ్‌లోనే చెప్పారా, రిహార్సల్ అయ్యాక చెప్పారా? ఆపమనే అధికారం టీమ్‌లో ఎవరికి ఇచ్చారు?