అప్‌డేట్: 6 అంగుళాల ఈ-రీడర్‌లో స్కాన్ పుస్తకం ఇప్పుడు చదవగలుగుతున్నాను

నా ప్రశ్న: "నాన్నగారి కోసం పాత తెలుగు పుస్తకం పీడీఎఫ్ ఎక్కించాను. అక్షరాలు చీమల్లా ఉన్నాయి, ఫాంట్ సైజు పెంచినా మారడం లేదు. ఏం చేయాలి?"

మీరు చెప్పినట్టే ఒక పదం మీద వేలు నొక్కి పట్టుకుని చూశాను, ఏమీ సెలెక్ట్ కాలేదు. అంటే అందులో ఉన్నవి అక్షరాలు కావు, పేజీల ఫొటోలు. ఫాంట్ సైజు వాటికి వర్తించదు.

ముందు రీఫ్లో ప్రయత్నించాను. అది ఖాళీ జాగాలను బట్టి ఫొటోను పదాలుగా కోసి, మళ్లీ వరుసగా పేరుస్తుంది. మన వత్తులు లైను కిందికి దిగుతాయి కదా, అక్కడే తేడా కొట్టింది. 'అమ్మ'లో మావత్తు తెగి కింది లైనుకు అంటుకుంది. నాన్నగారు రెండు పేజీలు చదివి పక్కన పెట్టేశారు.

చివరికి పనిచేసింది పేజీని కోయకుండా, అంచులు తీసేసి, అడ్డంగా తిప్పడం. పీడీఎఫ్‌ను చిన్న స్క్రీన్‌కు తగ్గట్టు మార్చే k2pdfopt అనే ప్రోగ్రామ్‌తో కంప్యూటర్‌లో ఇలా చేశాను:

```
k2pdfopt -mode fw -dev kpw book.pdf
```

`kpw` నా రీడర్ మోడల్. మీది వేరైతే అది మార్చాలి.

లెక్క ఇదీ. పుస్తకం పేజీ వెడల్పు 14 సెం.మీ., స్క్రీన్ 9. అందుకే అక్షరం మూడింట రెండు వంతులకు కుంచించుకుపోయింది. అంచులు పోతే మిగిలే అచ్చు 10 సెం.మీ.; అడ్డంగా తిప్పితే స్క్రీన్ 12. ఇప్పుడు అక్షరం అచ్చులో కన్నా పెద్దగా కనిపిస్తోంది. పుస్తకంలోని ఒక్కో పేజీ చదవడానికి స్క్రీన్‌ను రెండు మూడు సార్లు ముందుకు జరపాలి, దానికి నాన్నగారికి ఇబ్బంది లేదు. నిన్న రాత్రి నలభై పేజీలు చదివారు.