'ది లాస్ట్ లీఫ్' నాటికలో ఆకు గీసే రాత్రిని స్టేజీ మీద చూపాలా?

తెలుగు లెక్చరర్, హన్మకొండ
ఓ. హెన్రీ 'ది లాస్ట్ లీఫ్' కథను మా డిగ్రీ పిల్లలతో అరగంట నాటికగా వేయిస్తున్నాను. న్యుమోనియాతో మంచం పట్టిన జాన్సీ, కిటికీ ఎదుటి గోడ మీది తీగకున్న చివరి ఆకు రాలగానే తానూ చనిపోతానని నమ్ముతుంది. ఆమెను బతికించాలని ముసలి చిత్రకారుడు బెర్మన్ వానలో నిచ్చెనెక్కి ఆ గోడ మీద ఆకు గీయడం కథలో ఎక్కడా కనిపించదు. చివర్లో, ఆయన చనిపోయాక, స్నేహితురాలు స్యూ జాన్సీకి చెబుతుందంతే. స్టేజీ మీద ఆ రాత్రిని చూపాలా, వద్దా? పిల్లలు రెండు జట్లయ్యారు.

లైటింగ్ చేసేవాణ్ని, కాజీపేట
చూపాలి సార్. నాటకమంటే కళ్లముందు జరగాలి. నీలం లైటు, వాన చప్పుడు, నిచ్చెన మీద ముసలాయన, పక్కన లాంతరు. హాలు దద్దరిల్లుతుంది. స్యూ నిలబడి అంతా ఏకరువు పెడితే కథ చదివి వినిపించినట్టే ఉంటుంది.

నాటక దర్శకుడు, వరంగల్
తమ్ముడి చివరి మాట ముమ్మాటికీ నిజం. మొదటి మాటతో మాత్రం ఒప్పుకోను. గీయడం చూపిస్తే, తెల్లారి కిటికీ తెర పైకి లాగే సీన్ చచ్చిపోతుంది. ఆకు ఉందా, రాలిందా అని జాన్సీతో పాటు హాలంతా ఊపిరి బిగబట్టాల్సిన చోటు అది.

వస్తువులతో చెప్పించండి. కథలోనే ఉన్నాయి: వెలుగుతున్న లాంతరు, చోటు మారిన నిచ్చెన, చెల్లాచెదురైన కుంచెలు, ఆకుపచ్చా పసుపూ కలిపిన రంగుల పలక. స్యూ కింది అంతస్తులో బెర్మన్ గదికి వెళ్లే సీన్‌లోనే నిచ్చెన గోడకు ఆనించి, లాంతరు మేకుకు తగిలించి ఉంచండి. వాటి గురించి ఎవరూ మాట్లాడొద్దు. రాత్రి సీన్‌లో, స్యూకి కునుకు పట్టాక, కింద ఏదో ఈడ్చిన చప్పుడు ఒక్కసారి వినిపించాలి. అంతే.

ఇక స్యూ చివరి ప్రసంగాన్ని ముక్కలు చేయండి. జబ్బుపడ్డ బెర్మన్‌ను మొదట చూసింది ఆ ఇంటి కాపలాదారు. కథలో అతనికి ఒక్క మాటా లేదు. నాటికలో ఇవ్వండి:

కాపలాదారు: (లాంతరు బల్ల మీద పెట్టి) ముసలాయనదమ్మా. మొన్న పొద్దుగాల చూస్తే ఇంకా వెలుగుతనే ఉంది.
స్యూ: ఒళ్లంతా తడిసి ఉన్నాడన్నావు.
కాపలాదారు: బూట్లు సుత తడిసి చల్లగైనయి. అంత వానల ఏడికి పోయిండో! నిచ్చెన సుత దాని జాగల లేదు.
(రంగుల పలక ఇస్తాడు. స్యూ దాన్ని జాన్సీ ఒళ్లో పెడుతుంది. జాన్సీ వేలితో పచ్చరంగు తాకి, తలెత్తి కిటికీ వైపు చూస్తుంది.)
జాన్సీ: అంత గాలి వీచినా ఆ ఆకు కదల్లేదు, స్యూ.

ఆకు కదలని సంగతి కథలో స్యూ ఎత్తుతుంది. దాన్ని జాన్సీకిస్తే, అసలు విషయం ఆమెకే తడుతుంది. ఆ తర్వాత ఇంకెవరూ వివరించొద్దు.

స్కూల్ టీచర్, జనగామ
మరి న్యుమోనియాను చల్లటి వేళ్లతో ఊరంతా తిరిగే అపరిచితుడిలా వర్ణించిన పేరా ఎవరు చెప్పాలి? మా స్కూల్లో వేరే కథకి సూత్రధారుణ్ని పెట్టాం. అతను మైకులో చదువుతున్నంతసేపూ నటులు బొమ్మల్లా నిలబడిపోయారు, కింద జనం మాటల్లో పడ్డారు.

నాటక దర్శకుడు, వరంగల్
మేడం, ఆ పేరా వదిలేయండి. 'బతికే అవకాశం పదింట ఒక వంతు, అదీ ఆమెకు బతకాలని ఉంటేనే' అని డాక్టర్ అనే మాటతో నాటిక మొదలైపోతుంది.

తెలుగు లెక్చరర్, హన్మకొండ
ఇంకో చిక్కు సార్. ఎదురింటి గోడ, తీగ సెట్‌గా కట్టాం. వెనక వరసల్లోంచి ఆకు కనిపించడమే లేదు.

నాటక దర్శకుడు, వరంగల్
గోడే వద్దు. కిటికీ ప్రేక్షకుల వైపు ఉందనుకోండి. జాన్సీ మంచం మీంచి నేరుగా హాల్లోకి చూస్తూ లెక్కపెడుతుంది: 'పన్నెండు...' చాలాసేపు మౌనం. 'పదకొండు...' తర్వాత 'పది, తొమ్మిది'. ఆపైన 'ఎనిమిది, ఏడు' దాదాపు ఒకేసారి. ఆకులు ఎంత వేగంగా రాలుతున్నాయో ఆమె ముఖంలోనే తెలుస్తుంది.

లైటింగ్ చేసేవాణ్ని, కాజీపేట
అన్నా, అప్పుడు ముసలాయన ప్రాణం పెట్టి గీసిన బొమ్మను ఒక్కరూ చూడరు కదా! కథంతా ఆ ఒక్క ఆకే. పైగా మనకు తెలిసి జాన్సీకి తెలియకపోతే టెన్షన్ పోదు, 'ఈ పిల్ల నమ్ముతుందా' అన్న దాని మీదికి మళ్లుతుంది.

నాటక దర్శకుడు, వరంగల్
అదీ ఒక నాటికే, కాదనను. కానీ అప్పుడు కథ బెర్మన్‌ది అవుతుంది. ఆ లెక్కన మొదటి సీన్ నుంచే ఆయన స్టేజీ మీద ఉండాలి. నలభై ఏళ్లుగా గీస్తూ, గొప్ప బొమ్మ ఒకటి వేస్తానంటూ ఖాళీ కాన్వాసు పెట్టుకుని కూర్చున్న మనిషిని ముందు చూపకపోతే, నిచ్చెన సీన్ ఉత్త ఆర్భాటమే.

పీజీ విద్యార్థి, కరీంనగర్
ఒక సందేహం. పేర్లు స్యూ, జాన్సీ. కాపలాదారేమో మన యాస మాట్లాడుతున్నాడు. ఊరేది? హన్మకొండకు మారిస్తే కథలోని నవంబర్ కుదరదు. మన దగ్గర ఆకులు రాలేది మాఘ ఫాల్గుణాల్లో. వడగళ్ల వాన పెట్టుకోవచ్చేమో.

తెలుగు లెక్చరర్, హన్మకొండ
న్యూయార్క్‌లోనే ఉంచుదామనుకున్నాం. యాస సంగతి మీరన్నాకే తట్టింది. ముందైతే కిటికీని హాలు వైపు తిప్పి, నిచ్చెన సీన్ ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి రిహార్సల్ చేయిస్తాను. కథ తెలియని జూనియర్లను ముందు వరసలో కూర్చోబెడతాను.