అమోరెస్ పెర్రోస్: యాక్సిడెంట్ తర్వాత రెండు కథల రోజులు ఎలా కలపాలి?

చెన్నైలో మా ఫిల్మ్ గ్రూపు కోసం అమోరెస్ పెర్రోస్ (2000) అనే మెక్సికన్ సినిమాలోని మూడు కథలకు టైమ్‌లైన్ గీస్తున్నాను. మూడుసార్లు చూశాను, ఒకచోట ఆగిపోయాను.

మూడు కథలకూ ఉమ్మడిగా ఉన్న కారు యాక్సిడెంట్‌ను సున్నాగా పెట్టుకుని, ఒక్కో కథకు ఒక్కో గడి గీశాను. ఆక్టావియో కథ చాలావరకు సున్నాకు ముందే జరుగుతుంది కాబట్టి తేలిగ్గానే కుదిరింది. చిక్కంతా తర్వాతే. యాక్సిడెంట్‌లో కాలికి దెబ్బ తగిలిన వలేరియా ఫ్లాట్‌లో గడిపే రోజులు, ఎల్ చివో గాయపడ్డ ఆక్టావియో కుక్కను ఇంటికి తెచ్చుకున్న రోజులు, రెండూ సున్నా నుంచే మొదలవుతాయి. సినిమా ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తుంది కానీ అవి పక్కపక్కనే నడుస్తున్నాయనుకుంటున్నా.

గాయాలు మానడాన్ని బట్టి రోజులు లెక్కేయబోయాను. కుక్క కోలుకుంటుంది, వలేరియా కాలు మాత్రం పాడవుతూ పోతుంది, రెండింటికీ పోలికే లేదు. అన్న రమీరో చనిపోవడం ఆక్టావియోను, ఎల్ చివోను కలుపుతుంది గానీ వలేరియాకు దానితో సంబంధం లేదు. (సబ్‌టైటిల్స్‌లోనూ తేదీలు దొరకలేదు.)

యాక్సిడెంట్ తర్వాత వలేరియా కథనూ ఎల్ చివో కథనూ ఒకే రోజుకు కట్టేసే సీను గానీ, వెనకాల కనిపించే వస్తువు గానీ ఏదైనా ఉందా?