నెలకు పది వేలు గ్యారంటీ అంటున్నారు, ఇది అసలు చీటీయేనా?

ఆదోని కుర్రోడు: రాత్రి నుంచి నెట్‌లో వెతుకుతున్నా, ఏమీ తేలట్లేదు. మా బావ ఒక చీటీలో లక్ష కట్టాడు. ఆరు నెలలుగా నెలకు పది వేలు టంచనుగా పడుతున్నాయి. ఇప్పుడు నన్నూ చేరమని ఒకటే పోరు. రేపటికల్లా చెప్పాలట. ఎలా నమ్మేది?

కడప వాసి: చేరొద్దు.

షాపు యజమాని: జీఎస్టీ నంబరు, కంపెనీ రిజిస్ట్రేషన్ ఉన్నాయా? ఉంటే భయం లేదు.

పాత గుమాస్తా: అవి ఎవరికైనా వస్తాయండీ. చీటీ అయితే ప్రతి గ్రూపుకూ విడిగా చిట్స్ రిజిస్ట్రార్ అనుమతి ఉండాలి. కర్నూలు రిజిస్ట్రార్ ఆఫీసులో గ్రూపు నంబరు చెప్పి అడగండి. ఇంతకీ పాట జరుగుతుందా? బావ నెలనెలా కడుతున్నాడా?

ఆదోని కుర్రోడు: పాటేం లేదు. లక్ష ఒకేసారి కట్టాడు. ఇరవై నెలలు ఇస్తారు. మనిషిని చేర్పిస్తే ఐదు వేలు. మామూలే కదా?

పాత గుమాస్తా: అసలు సంగతి ఇప్పుడా చెప్పేది! నిజమైన చీటీలో ఇరవై మంది తలా ఐదు వేలు కడతారు. ఒకరు 75 వేలకు పాడుకుంటే, మిగిలిన 25 వేలలో సంస్థ కమిషన్ 5 వేలు పోను తలా వెయ్యి వస్తుంది. వచ్చే నెల పాట ఎంతకు పోతుందో ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు గ్యారంటీ ఎక్కడిది?

ఇక మీ బావ లెక్క. లక్షలో చేర్పించినవాడికి ఐదు వేలు పోతే 95 వేలు. అందులోంచి ఇప్పటికి 60 వేలు ఆయనకే తిరిగిచ్చారు. అంటే తొమ్మిది నెలలు ఆయన డబ్బే ఆయనకిస్తూ నమ్మకం పుట్టించొచ్చు. ఆ తర్వాత ఇంకొకరి లక్ష కావాలి, ఆ ఇంకొకరికి మళ్లీ రెండు లక్షలు ఇవ్వాలి. మిమ్మల్ని పిలిచేది అందుకే. పైగా ఇలాంటి గొలుసు స్కీములను నిషేధించిన 1978 చట్టం ప్రకారం వీటిలో మనుషుల్ని చేర్పించడమూ నేరమే.

ప్రొద్దుటూరు అక్క: మా వీధిలో చీటీలు వేసే ఆమె రాత్రికి రాత్రే ఇల్లు ఖాళీ చేసింది. చీటీలంటేనే దొంగలు. బంగారం కొనుక్కోండి.

షాపు యజమాని: అక్కా, ఇంటి చీటీ వేరు, ఇది వేరు. మేం పదేళ్లుగా రిజిస్టర్డ్ చీటీ కడుతున్నాం.

ప్రొద్దుటూరు అక్క: పేరేదైనా పోయేది డబ్బే కదా. బంగారమైతే కళ్ల ముందుంటుంది.

కడప వాసి: మజూరీ, తరుగు లెక్కేశారా?

ఆదోని కుర్రోడు: ప్రోనోటు, చెక్కు ఇచ్చారంటున్నాడు బావ. అవి చాలవా?

పాత గుమాస్తా: చెక్కు బౌన్సయితే కేసు వేయొచ్చు. ఖాతాలో, ఆస్తుల్లో ఏమీ లేకపోతే డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? మిగిలింది ఇప్పుడే వెనక్కి అడగమనండి. ఇస్తారని నేను చెప్పలేను.

ఆదోని కుర్రోడు: బావ వినట్లేదు, ఇంకో లక్ష సర్దుతున్నాడు. నేనైతే చేరను. థాంక్స్ అన్నా.

ప్రొద్దుటూరు అక్క: తరుగు మా ఊళ్లో తక్కువే, వచ్చి చూడండి.