ఒకే ఇన్వాయిస్‌లో రెండు రకాల తేదీలుంటే ఏది రోజు, ఏది నెల?

గోదావరి_లెక్కలు:
అమెరికా సరఫరాదారుల నుంచీ, మన దేశంలోని సరఫరాదారుల నుంచీ మా హైదరాబాదు కార్యాలయానికి వచ్చే ఇన్వాయిస్‌లను స్కాన్ చేసి, వాటిలోని తేదీలను ప్రోగ్రాం ద్వారా రాబట్టి పట్టికలో చేరుస్తున్నాము. ఒక అమెరికా పత్రంలో ఇన్వాయిస్ తేదీ 04/05/2023 అనీ, చెల్లింపు గడువు 05/05/2023 అనీ అచ్చయి ఉన్నాయి, పక్కనే మావాళ్లు వేసిన స్వీకరణ ముద్రలో 10/04/2023 అని ఉంది. పత్రమంతటికీ ఒకే పద్ధతిని నిర్ణయించాలా? ఎటూ తేలని తేదీని ఖాళీగా వదలాలా, లేక ఎక్కువ పత్రాల్లో కనిపించే పద్ధతినే దానికీ వర్తింపజేయాలా?

పట్టికల_పంతులు:
ఎక్కువ పత్రాల పద్ధతినే వర్తింపజేయడం మేలని నా అభిప్రాయం. ఒక బ్యాచ్‌లోని తేదీలన్నింటిలో 12 కంటే పెద్ద అంకె మొదటి స్థానంలో ఎన్నిసార్లు వచ్చింది, రెండవ స్థానంలో ఎన్నిసార్లు వచ్చింది అని లెక్కిస్తే పద్ధతి దానంతట అదే బయటపడుతుంది. ఆ తరువాత పైథాన్‌లోని పాండాస్ లైబ్రరీకి రోజే ముందని చెప్పే `dayfirst=True` పెట్టాలా వద్దా అన్నది ఒక్క నిర్ణయంతో తేలిపోతుంది.

విజయవాడ_బిల్లులు:
ఇంత చర్చ అవసరమా అండీ? నాకూ ఇదే ఇబ్బంది వచ్చింది. ఎక్సెల్‌లో ఆ నిలువు వరుస మొత్తాన్ని ఎంచుకుని, తేదీ ఫార్మాట్‌ను రోజు-నెల-సంవత్సరంగా మార్చాను, అన్నీ ఒకే తీరుగా కనిపించాయి.

మూలపాఠం:
బిల్లుల వారూ, మీరు మార్చినది కనిపించే తీరును మాత్రమే. అమెరికా అమరికలున్న కంప్యూటర్‌లో సీఎస్‌వీ ఫైలును తెరిచిన క్షణంలోనే ఎక్సెల్ 05/04/2023ను మే 4గా చదివి, లోపల 45050 అనే సంఖ్యగా దాచుకుంటుంది. మీ ఉద్దేశం ఏప్రిల్ 5 అయితే అక్కడ 45021 ఉండాలి. 25/04/2023ను మాత్రం అది తేదీగా గుర్తించలేక అక్షరాలుగానే వదిలేస్తుంది. ఫార్మాట్ మార్చక ముందు ఆ వరుసలో కొన్ని గడులు ఎడమవైపుకు, కొన్ని కుడివైపుకు ఒదిగి ఉన్నాయేమో మూల ఫైలును మళ్లీ తెరిచి చూడండి. ఉంటే, ఎడమవైపువి అక్షరాలుగా మిగిలినవి, కుడివైపువి ఎక్సెల్ తేదీలుగా చదివినవి, ఆ కుడివైపువాటిలో రోజూ నెలా తారుమారై ఉంటాయి.

పంతులు గారూ, మీ లెక్కింపు పద్ధతి ఒకే చోట తయారైన పత్రాలకు బాగానే పనిచేస్తుంది, అది నేను కాదనను. కానీ అడిగినవారి బ్యాచ్‌లో రెండు దేశాల పత్రాలున్నాయి కనుక, అక్కడ వచ్చే మెజారిటీ ఆ నెలలో ఏ దేశపు ఇన్వాయిస్‌లు ఎక్కువ వచ్చాయో చెబుతుందే గాని, ఈ ఒక్క పత్రం గురించి ఏమీ చెప్పదు. పైగా `dayfirst` ఒక మొగ్గు మాత్రమే, కట్టడి కాదు. దీన్ని నడిపి చూడండి:

```python
import pandas as pd
pd.to_datetime(["04/05/2023", "25/04/2023"], format="mixed")
```

మొదటిది ఏప్రిల్ 5గా, అంటే నెల ముందున్నట్లు వస్తుంది. రెండవది ఏప్రిల్ 25గా, అంటే రోజు ముందున్నట్లు వస్తుంది. ఎక్కడా దోష సందేశం ఉండదు. పాండాస్ 2.0 నుంచి `format` ఇవ్వకపోతే మొదటి విలువను బట్టి పద్ధతిని ఊహించి, రెండవది దానికి ఇమడకపోతే ఆగిపోతుంది. ఆ ఆగిపోవడాన్ని చిరాకుగా భావించి చాలామంది ఒక్కో విలువకు ఒక్కో పద్ధతిని ఊహించుకోనిచ్చే `mixed` తగిలిస్తారు, నా దృష్టిలో అక్కడే అసలు నష్టం మొదలవుతుంది.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. పద్ధతి పత్రానికి చెందినది కాదు, ఆ తేదీని ఎవరు వేశారో వారికి చెందినది. అందువల్ల మీ పత్రంలో అచ్చు భాగాన్ని ఒక గుంపుగా, ముద్రను మరొక గుంపుగా విడదీయాలి. అచ్చు భాగంలో గడువు 05/05/2023 ఎలా చదివినా మే 5 కనుక దాన్ని కొలబద్దగా వాడుకోవచ్చు. ఇన్వాయిస్ తేదీని మే 4 అనుకుంటే గడువుకు ఒక్క రోజే మిగులుతుంది, ఏప్రిల్ 5 అనుకుంటే సరిగ్గా 30 రోజులు వస్తాయి. పత్రంలో ఎక్కడైనా చెల్లింపు షరతు 'నెట్ 30' అని, అంటే ఇన్వాయిస్ తేదీ నుంచి 30 రోజుల్లో చెల్లించాలని ఉందా?

గోదావరి_లెక్కలు:
ఉందండీ, కింది భాగంలో చిన్న అక్షరాలతో అచ్చయి ఉంది. ఆ స్కాన్ ఫైలు మా సర్వర్‌లో చేరినది 2023 ఏప్రిల్ 11న.

మూలపాఠం:
అయితే అచ్చు భాగం తేలిపోయింది, నెల ముందు, ఏప్రిల్ 5. ముద్రను అదే పద్ధతిలో చదివితే అక్టోబరు 4 అవుతుంది, కానీ ఏప్రిల్‌లోనే స్కాన్ అయిన కాగితం మీద అక్టోబరు ముద్ర ఉండే వీలు లేదు. కనుక ముద్ర రోజు ముందు పద్ధతిలో ఉంది, ఏప్రిల్ 10. పత్రమంతటికీ ఒకే పద్ధతి అనుకుని ఉంటే, నెల ముందంటే ముద్ర అక్టోబరుకు వెళ్లేది, రోజు ముందంటే ఇన్వాయిస్ పుట్టక ముందే మీకు అందినట్లయ్యేది.

చెల్లింపుల_బల్ల:
మూలపాఠం గారి తర్కం బాగుంది గాని, చెల్లింపులు చూసే మా వైపు నుంచి ఒక మాట. ఇలాంటి ఆధారం దొరకని తేదీని ఖాళీగా వదిలితే ఆ ఇన్వాయిస్ వరుసలో ఆగిపోతుంది. పది రోజుల్లో చెల్లిస్తే రెండు శాతం తగ్గింపు అన్న షరతు ఉంటే, ఎవరో తీరిక చేసుకుని చూసేలోపు ఆ తగ్గింపు పోతుంది. ఏదో ఒక తేదీ పెట్టి ముందుకు నడపడమే మాకు మేలు.

మూలపాఠం:
మీరు చెప్పిన షరతునే తీసుకుందాం. ఏప్రిల్ 5ను మే 4గా పెట్టారనుకోండి, మీ వ్యవస్థ తగ్గింపు గడువును ఏప్రిల్ 15కు బదులు మే 14 అని చూపిస్తుంది, తగ్గింపు పోయిన సంగతి కూడా ఎవరికీ తెలియదు. ఖాళీగా ఉన్న గడిని మనిషి చూస్తాడు, తప్పుగా నిండిన గడిని ఎవరూ చూడరు. తొందర ఉంటే రెండు అర్థాలలో ముందు వచ్చే తేదీని చెల్లింపు వరుసకు మాత్రమే పంపండి, ఖాతా పుస్తకంలోకి మాత్రం పంపకండి. పత్రంలో ఉన్న అక్షరాలను ఉన్నట్లుగా ఒక వరుసలో, మీరు తేల్చిన తేదీని మరొక వరుసలో, ఏ ఆధారంతో తేల్చారో ఇంకొక వరుసలో ఉంచితే, రేపు తప్పని తేలినా వెనక్కి తిప్పుకోవచ్చు.

మన దేశపు పత్రాలకు ఇంకో ఆధారం ఉంది. చాలామంది ఇన్వాయిస్ సంఖ్యలోనే ఆర్థిక సంవత్సరం వేస్తారు. 03/04/2024 అన్న తేదీ పక్కన సంఖ్యలో 24-25 ఉంటే అది ఏప్రిల్ 3, 23-24 ఉంటే మార్చి 4.

పట్టికల_పంతులు:
ఒప్పుకుంటాను, అయితే పూర్తిగా కాదు. సంవత్సరంలో రెండు విధాలా చదవగల తేదీలు 144, వాటిలో 05/05 లాంటి 12 ఎలా చదివినా ఒకటే కనుక నిజంగా తికమక పెట్టేవి 132. మూడింట ఒక వంతుకు పైగా ఉన్నవాటన్నింటినీ మనిషి ముందు పెట్టలేము. బ్యాచ్ మొత్తానికి కాకుండా సరఫరాదారు వారీగా లెక్కిస్తే నా పద్ధతి నిలబడుతుందని ఇప్పటికీ అంటాను.

మూలపాఠం:
సరఫరాదారు వారీగా అయితే నాకూ అభ్యంతరం లేదు, అతను బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చనంత కాలం. ఆ మార్పును పట్టుకోవాలంటే వచ్చిన తేదీలను వరుసక్రమంలో పెట్టి చూడండి. మే 1 నుంచి 12 వరకు వచ్చిన ఇన్వాయిస్‌లు తారుమారైతే జనవరి 5, ఫిబ్రవరి 5, మార్చి 5 అంటూ ప్రతి నెలా ఐదో తేదీకి సర్దుకుని డిసెంబరు దాకా పోతాయి.

గోదావరి_లెక్కలు:
అచ్చు భాగాన్నీ ముద్రనూ విడదీసి నడుపుతాను. నాకు ఇంకా తేలనిది చేతిరాత తేదీలు. మా కార్యాలయంలో కొందరు అమెరికాలో పనిచేసి వచ్చినవారు కావడంతో ఒకే బల్ల దగ్గర రెండు పద్ధతుల్లోనూ రాస్తున్నారు, ఎవరు రాశారన్నది కాగితం మీద ఉండదు.

చెల్లింపుల_బల్ల:
దానికి ప్రోగ్రాం కన్నా, నెల పేరు అక్షరాలలో పడే స్టాంపు ఒకటి కొనడం చవక. పాత కాగితాల సంగతి మాత్రం నాకూ తోచడం లేదు.