ఎనర్జీ డ్రింక్‌లో కెఫీన్ ఎక్కువా, కప్పు కాఫీలోనా?

పరీక్షల_పిల్లాడి_అమ్మ: మా అబ్బాయి ఇంటర్. రాత్రి చదువుకి రోజూ ఒక ఎనర్జీ డ్రింక్ తాగుతున్నాడు. అడిగితే “నువ్వు తాగే కాఫీలో ఇంతకన్నా ఎక్కువ కెఫీన్ ఉంటుందమ్మా” అంటున్నాడు. నిజమేనా?

బెజవాడ_కుర్రాడు: నిజమేనండీ. కాఫీలోనే ఎక్కువ, ఎప్పుడైనా సరే. డ్రింక్‌లో ఉండేదంతా పంచదారే.

డికాక్షన్_మాస్టారు: “ఎప్పుడైనా” అనడం కుదరదు బాబూ. మన దేశంలో ఇలాంటి డ్రింకులకు లీటరుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన. అంటే 250 మి.లీ. క్యాన్‌లో ఎంత పోసినా 75 లోపే.

ఇక కాఫీ. నలుగురికి ఫిల్టర్‌లో 20 గ్రాముల పొడి వేశారనుకోండి. అందులో 30 శాతం చిక్కరీ అయితే అసలు కాఫీ 14 గ్రాములే, చిక్కరీలో కెఫీన్ ఉండదు. గింజలు అరబికా, రోబస్టా సగం సగమైతే సుమారు 240 మిల్లీగ్రాములు. అంతా డికాక్షన్‌లోకి దిగినా మనిషికి 60, నిజానికి పూర్తిగా దిగదు. కాబట్టి మన ఇంటి కప్పు కన్నా క్యాన్‌లోనే కాస్త ఎక్కువ. చిక్కరీ లేని పొడితో చిక్కగా పెద్ద గ్లాసు తాగితే లెక్క తిరగబడుతుంది. అమ్మగారూ, మీ పొడి ప్యాకెట్ మీద చిక్కరీ శాతం రాసి ఉంటుంది, ముందు అది చూడండి.

డాలస్_తెలుగు: ఇక్కడి లెక్క వేరండీ. ఒక్క క్యాన్‌లోనే 200 ఉన్నవి మామూలు షాపుల్లో దొరుకుతాయి. అలాగని ఇక్కడి కాఫీ షాపులో పెద్ద కప్పు తీసుకుంటే అది 300 దాటుతుంది. దేశం, సైజు చెప్పకుండా పోలిక అనవసరం.

నైట్_షిఫ్ట్: నాకైతే కాఫీ తాగినా నిద్ర పడుతుంది. డ్రింక్ తాగితే మాత్రం గుండె దడ. అందుకే డ్రింకే స్ట్రాంగ్ అంటాను.

డికాక్షన్_మాస్టారు: మీకు ఒంట్లో ఎలా అనిపించిందన్నది వేరు, ఎంత కెఫీన్ ఉందన్నది వేరు. వేడి కాఫీ చప్పరిస్తూ తాగుతాం, చల్లటి డ్రింక్ రెండు నిమిషాల్లో లాగించేస్తాం. దడకు అదే కారణమా, పంచదార వల్లా అన్నది నేను తేల్చి చెప్పలేను. దడ మళ్లీ వస్తే డాక్టర్‌కి చూపించుకోండి.

బెజవాడ_కుర్రాడు: సరే, చిక్కరీ సంగతి ఒప్పుకుంటాను. కానీ అమ్మగారు రోజుకు మూడు కప్పులు తాగితే మొత్తం మీద ఆవిడదే ఎక్కువ కదా?

డికాక్షన్_మాస్టారు: మొత్తం మీద అవును. కానీ ఆవిడ పెద్దావిడ, పొద్దున్నించి సాయంత్రం దాకా తాగేది. వాడు పిల్లవాడు, రాత్రి పదింటికి ఒకేసారి. తాగిన కెఫీన్‌లో సగం పోవడానికే అయిదారు గంటలు పడుతుంది, అంటే తెల్లవారుజామున మూడింటికీ సగం ఒంట్లోనే ఉంటుంది. ఇది పిల్లలకు తగదని క్యాన్ మీదే రాసి ఉంటుంది, వాడి చేతే చదివించండి.

పరీక్షల_పిల్లాడి_అమ్మ: మా ప్యాకెట్ మీద చిక్కరీ 40 శాతం అని ఉందండీ. క్యాన్ కూడా తెమ్మన్నాను.